రెండు ఫోన్లలోనూ హెచ్‌డీ గుర్తు, మధ్యలో పాత గొంతు: ఆపరేటర్ మారితే నాణ్యత పడిపోయిన కాల్‌పై కేస్ స్టడీ

ఒకే ఆపరేటర్ పరిధిలో ఫోన్ చేసుకుంటే గొంతు ఎదురుగా కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా ఉంటుంది. అదే ఫోన్ నుంచి వేరే ఆపరేటర్ నంబరుకు చేస్తే మాట మూసుకుపోయినట్టు వస్తుంది. స్పెల్లింగ్ చెబుతుంటే ‘ఎస్’ అన్నారో ‘ఎఫ్’ అన్నారో తేలక మళ్లీ అడగాల్సి వస్తుంది. రెండు ఫోన్లూ 4జీ మీదే ఉన్నాయి, సిగ్నల్ నిండుగా ఉంది, రెండు తెరల మీదా హెచ్‌డీ గుర్తు కనిపిస్తోంది. ఈ కేసులో వచ్చిన ఫిర్యాదు ఇదే. కాల్ చేసే వైపు ఆపరేటర్‌ను ‘ఎ’ అని, అందుకునే వైపును ‘బి’ అని అనుకుందాం.

ఈ తరహా ఫిర్యాదు వస్తే చాలాచోట్ల రేడియో వైపు వెతకడం మొదలుపెడతారు. అది దండగ. రేడియో లోపమైతే మాట మధ్యలో తెగుతుంది, గరగరమంటుంది, కాసేపు బాగుండి కాసేపు పాడవుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. మొదటి క్షణం నుంచి చివరిదాకా మాట ఒకే తీరుగా మందంగా ఉంది. అంటే ప్యాకెట్లు పోవడం లేదు, గొంతులోని పై పౌనఃపున్యాలు పోతున్నాయి. అవి ఎక్కడ పోయాయో కనిపెట్టడమే పని.

గొంతును బిట్లుగా కుదించి అవతల మళ్లీ విప్పే పద్ధతే కోడెక్. ముందు ఏ కోడెక్ ఎంత మోస్తుందో చూద్దాం. పాత టెలిఫోన్ గొంతు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. 2జీ, 3జీలలో వాడిన మామూలు ఏఎంఆర్, ఎక్స్ఛేంజీల మధ్య నడిచే జీ.711, రెండూ సెకనుకు 8000 శాంపిళ్ల మీద ఆధారపడినవే కాబట్టి రెండింటి పరిధీ అంతే. హెచ్‌డీ అని పిలిచేది ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్. అది 16,000 శాంపిళ్లతో 50 నుంచి 7000 హెర్ట్జ్ వరకు మోస్తుంది. దాని తర్వాత 3జీపీపీ రిలీజ్ 12తో వచ్చిన ఈవీఎస్ సూపర్ వైడ్‌బ్యాండ్‌లో 14 కిలోహెర్ట్జ్ దాటి వెళ్తుంది. ‘స’, ‘ఫ’ లాంటి ధ్వనుల్లో తేడా తెలిపే శక్తి ఎక్కువగా 4 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది. 3400 దగ్గర కోత పడితే ఆ రెండూ చెవికి ఒకేలా చేరతాయి.

తెర మీద కనిపించే హెచ్‌డీ గుర్తు ఫోనుకూ, దాని సొంత ఆపరేటర్‌కూ మధ్య ఏ కోడెక్ కుదిరిందో మాత్రమే చెబుతుంది. అవతలి ఫోను దాకా దారి పొడవునా అదే కోడెక్ నడుస్తోందని దాని అర్థం కాదు. ఫోనుకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా విచారణ సూటిగా సాగుతుంది.

మొదటి పరీక్ష చెవితో కాదు, చిత్రంతో. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసిన మాటను హెడ్‌సెట్ కేబుల్ ద్వారా ‘ఎ’ ఫోనులోకి పంపి, ‘బి’ ఫోను హెడ్‌సెట్ అవుట్‌పుట్‌ను సౌండ్ కార్డులోకి తీసుకుని రికార్డు చేశారు. బ్లూటూత్ హెడ్‌సెట్ మాత్రం వాడకూడదు. చాలా హెడ్‌సెట్లు కాల్ సమయంలో తామే 8000 శాంపిళ్ల కోడెక్‌కు దిగిపోతాయి, అప్పుడు దొరికేది నెట్‌వర్క్ లోపం కాదు, హెడ్‌సెట్ పరిమితి. పరీక్షకు మాటే వాడాలి తప్ప సైన్ టోనో, తెల్లని నాయిసో వాడకూడదు. ఈ కోడెక్‌లన్నీ మనిషి గొంతుకు తగ్గట్టు మలిచినవి. ఎడతెగని టోన్‌ను ఫోనులోని నాయిస్ తగ్గించే భాగం చప్పుడుగా భావించి అణిచేస్తుంది కూడా. రికార్డింగ్‌లో ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శక్తి ఉందో చూపే స్పెక్ట్రోగ్రామ్ ఇలా తీస్తారు:

```
sox bside.wav -n spectrogram -o bside.png
```

‘ఎ’ నుంచి ‘ఎ’కు చేసిన కాల్‌లో శక్తి 14 కిలోహెర్ట్జ్ దాకా కనిపించింది, అంటే ఈవీఎస్ నడుస్తోంది. ‘ఎ’ నుంచి ‘బి’కి చేసిన కాల్‌లో 3.4 కిలోహెర్ట్జ్ దాటగానే గీత గీసినట్టు కోత. అయితే 4 నుంచి 6.4 దాకా ఖాళీగా ఉండి, 6.4 నుంచి 7 కిలోహెర్ట్జ్ మధ్య మాత్రం సన్నని పట్టీ ఒకటి అక్కడక్కడా మెరిసింది. దీన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ కోడెక్ 6.4 కిలోహెర్ట్జ్ వరకే మాటను నిజంగా కోడ్ చేస్తుంది. ఆ పైనున్న కొంచెం భాగాన్ని డీకోడరే నాయిస్‌తో కల్పించి అతుకుతుంది. సెకనుకు 12.65 కిలోబిట్ల లాంటి రేట్లలో ఆ పట్టీ ఎంత గట్టిగా ఉండాలో కూడా డీకోడరే అంచనా వేసుకుంటుంది. కింది భాగం ఖాళీగా ఉండి ఈ పట్టీ మాత్రమే కనబడిందంటే, చివరి అంచెలో వైడ్‌బ్యాండ్ డీకోడర్ ఉంది కానీ దానికి అందింది అప్పటికే ఇరుకైపోయిన గొంతు అని అర్థం. అంటే కోత దారి మధ్యలో పడింది. గొంతు ఒకసారి ఇరుకైతే తర్వాత ఎంత మంచి కోడెక్ పెట్టినా పోయింది తిరిగి రాదు.

తర్వాత సిగ్నలింగ్. ఫోను సిగ్నలింగ్ ఆపరేటర్ కోర్‌లో మొదట చేరే సర్వరు పీ-సీఎస్‌సీఎఫ్, వేరే నెట్‌వర్క్‌తో కలిసే చోట కాల్‌ను దాటించేది సరిహద్దు కంట్రోలర్. నాలుగు చోట్ల ప్యాకెట్లు పట్టారు: ‘ఎ’ ఫోను పీ-సీఎస్‌సీఎఫ్ దాటి లోపలికి వచ్చిన చోట, ‘ఎ’ సరిహద్దు కంట్రోలర్ బయటి వైపున, ‘బి’ సరిహద్దు లోపలి వైపున, ‘బి’ ఫోను వైపున్న పీ-సీఎస్‌సీఎఫ్ దగ్గర. ఫోనుకూ పీ-సీఎస్‌సీఎఫ్‌కూ మధ్య సిగ్నలింగ్ ఐపీసెక్‌లో చుట్టి వస్తుంది కాబట్టి పట్టాల్సింది లోపలి వైపునే. ఇంకో చిక్కు, సరిహద్దు కంట్రోలర్ కాల్‌ను ఒకవైపు ముగించి మరోవైపు కొత్తగా మొదలుపెడుతుంది. అందుచేత `Call-ID` రెండు వైపులా వేర్వేరుగా ఉంటుంది. రెండింటినీ జతచేయడానికి ఇద్దరి నంబర్లు, సమయం ఆధారం. నాలుగు చోట్లా గడియారాలు ముందే సరిపోల్చుకోకపోతే రద్దీ వేళల్లో ఏ కాల్ ఏదో తేల్చుకోవడం కష్టం.

తనకు వచ్చిన కోడెక్‌ల జాబితాగా ‘ఎ’ ఫోను పంపిన ఎస్‌డీపీ ఆఫర్‌లో ముఖ్యమైన వరుసలివి:

```
m=audio 50010 RTP/AVP 98 104 110 102 100
a=rtpmap:98 EVS/16000
a=fmtp:98 br=5.9-24.4;bw=nb-swb
a=rtpmap:104 AMR-WB/16000
a=rtpmap:110 AMR-WB/16000
a=fmtp:110 octet-align=1
a=rtpmap:102 AMR/8000
```

అదే కాల్ ‘ఎ’ సరిహద్దు దాటి బయటికి వచ్చేసరికి:

```
m=audio 31204 RTP/AVP 8 101
a=rtpmap:8 PCMA/8000
a=rtpmap:101 telephone-event/8000
```

ఈవీఎస్ లేదు, వైడ్‌బ్యాండ్ లేదు. మిగిలింది జీ.711 ఎ-లా ఒక్కటే. అవతల ‘బి’ సరిహద్దు కంట్రోలర్ ఈ ఆఫర్‌ను అందుకుని, తమ ఫోన్లకు నచ్చేలా తన వైపు నుంచి ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్‌ను జతచేసి లోపలికి పంపింది. ‘బి’ ఫోను సంతోషంగా దాన్నే ఎంచుకుంది, హెచ్‌డీ గుర్తు వెలిగింది. ఇటు ‘ఎ’ కంట్రోలర్ తన ఫోనుతో ఈవీఎస్ కుదుర్చుకుంది కాబట్టి ఇక్కడా గుర్తు వెలిగింది. గొంతు మాత్రం ఈవీఎస్ నుంచి జీ.711కు, అక్కడినుంచి ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్‌కు మారుతూ పోయింది.

పేలోడ్ సైజులు చూసినా ఇదే తేలుతుంది. ఈ కోడెక్‌లు 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున సెకనుకు 50 పంపుతాయి. గొంతు ప్యాకెట్లకు ముందుండే ఆర్‌టీపీ హెడర్ తీసేస్తే జీ.711 పేలోడ్ సరిగ్గా 160 బైట్లు. ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ 12.65 రేటులో 33 బైట్లు, 23.85లో 61 బైట్లు. సరిహద్దు లింకులో పేలోడ్ టైప్ 8తో 160 కనిపిస్తే ఆ కాల్ హెచ్‌డీ కాదు, ఇంకేమీ చూడక్కర్లేదు. సైజు ఒక్కటే చూసి ఈవీఎస్, ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్‌లను విడదీయాలంటే మాత్రం కుదరదు. ఈవీఎస్ 13.2 రేటు పేలోడూ 33 బైట్లే, 24.4 రేటుది 61 బైట్లే. పేలోడ్ టైప్ నంబరును ఎస్‌డీపీతో పోల్చి చూడాలి.

సరిహద్దులో జీ.711 ఒక్కటే ఎందుకు మిగిలింది? ఇది ఎవరో అజాగ్రత్తగా చేసిన పని కాదు. ఆ రెండు నెట్‌వర్క్‌ల మధ్య లింకు ఒకప్పుడు ఈ1 లైన్ల మీద ఉండేది. ఈ1 అంటే 2.048 మెగాబిట్లు, అందులో 64 కిలోబిట్ల చొప్పున 30 గొంతు చానళ్లు. వాటిలో నడిచేది జీ.711. ఇరువైపులా ఒకే కోడెక్ ఉంటే ఆ చానల్ అట్టడుగు బిట్లలో దాన్ని దాచి పంపే టీఎఫ్‌ఓ అనే పద్ధతి ఉన్నా, దారిలోని ప్రతి పరికరమూ ఒక్క బిట్ కూడా కదిపి చూడకుండా వదలాలి. ఒక్క ఎకో క్యాన్సిలర్ చాలు దాన్ని చెడగొట్టడానికి. తర్వాత ఈ1లు తీసి ఐపీ లింకు పెట్టినప్పుడు, అప్పటిదాకా పనిచేసిన కోడెక్ పాలసీనే కొత్త కంట్రోలర్‌లోకి ఎక్కించారు. జీ.711 అందరికీ తెలిసిన కోడెక్, ఫ్యాక్స్ కూడా దాటిపోతుంది, కాల్ విఫలమయ్యే భయం లేదు. ఆ జాగ్రత్తకు మూల్యం గొంతు కట్టింది. లింకు ఐపీ అయింది కాబట్టి హెచ్‌డీ వచ్చేసినట్టే అనుకోవడం ఈ రంగంలో తరచూ వినిపించే పొరపాటు. ఐపీ అనేది దారి మాత్రమే, దానిలో ఏ కోడెక్ వెళ్లాలన్నది పాలసీ నిర్ణయిస్తుంది.

మొదటి సవరణ అక్కడే జరిగింది. ఇరు ఆపరేటర్లూ ఒప్పుకుని సరిహద్దు జాబితాలో ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్‌ను ముందు, ఏఎంఆర్‌ను తర్వాత, జీ.711ను చివర పెట్టారు. జీ.711ను పూర్తిగా తీసేయడం తప్పు. ల్యాండ్‌లైన్లకూ పాత పీబీఎక్స్‌లకూ వెళ్లే కాల్స్ దాని మీదే నిలబడతాయి. ‘ముందు దాటించు, కుదరకపోతేనే మార్చు’ అన్న సెట్టింగ్‌ను కూడా ఆన్ చేశారు. ఇది లేకపోతే కొన్ని కంట్రోలర్లు జాబితాలో రెండు వైపులా కలిసే కోడెక్ ఉన్నా ఒక కోడెక్ నుంచి మరో కోడెక్‌కు మార్చే తమ ట్రాన్స్‌కోడర్‌నే మధ్యలో కూర్చోబెడతాయి.

మార్పు తర్వాత ‘బి’ 4జీ ఫోన్లకు వెళ్లే కాల్స్ బాగుపడ్డాయి, స్పెక్ట్రోగ్రామ్ 7 కిలోహెర్ట్జ్ దాకా నిండింది. ‘బి’ 3జీ చందాదారులకు వెళ్లేవి మాత్రం మునుపటిలాగే ఉన్నాయి. ఆ 3జీ నెట్‌వర్క్‌లో ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ ఉంది, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటే హెచ్‌డీ నడుస్తోంది. మరి ఇక్కడెందుకు జీ.711కు జారింది?

కారణం ప్యాకింగ్. ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్‌ను ఆర్‌టీపీలో పెట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి బిట్లను సందు లేకుండా కుక్కేది, రెండోది ప్రతి భాగాన్నీ బైటు హద్దు దగ్గర మొదలుపెట్టేది. రెండోదానికి ఎస్‌డీపీలో `octet-align=1` అని రాస్తారు, రాయకపోతే మొదటిదని అర్థం. 12.65 రేటులో మొదటిది 33 బైట్లు, రెండోది 34. లోపలి గొంతు బిట్లు అవే. అయినా ఆర్‌ఎఫ్‌సీ 4867 ప్రకారం ఈ విషయంలో రెండు వైపులూ ఒకే పద్ధతిలో ఉండాలి, లేకుంటే ఆ పేలోడ్ టైప్ కుదరదు. అందుకే ఫోను తన ఆఫర్‌లో వైడ్‌బ్యాండ్‌ను 104, 110 అని రెండుసార్లు రాస్తుంది. ‘ఎ’ కంట్రోలర్ పాలసీ కోడెక్ పేరును మాత్రమే చూస్తోంది. ఒకే పేరు రెండుసార్లు కనబడగానే రెండోదాన్ని నకలు అనుకుని తీసేసింది. ‘బి’ వైపు 3జీ మీడియా గేట్‌వేకు బైటు హద్దుల పద్ధతి ఒక్కటే వచ్చు. దానికి చేరిన ఆఫర్‌లో అది లేదు, దాంతో అది చివరి వరుసలో ఉన్న జీ.711ను ఎంచుకుంది. ఎక్కడా ఎర్రర్ లేదు, కాల్ సక్సెస్ రేటు నూరుకు నూరు. గణాంకాలు చూసి ఈ లోపాన్ని ఎవరూ పట్టుకోలేరు.

నకళ్లు తీసేసే నియమాన్ని ఆపి రెండు రూపాలనూ దాటనిచ్చాక గేట్‌వే ఇలా జవాబిచ్చింది:

```
a=rtpmap:110 AMR-WB/16000
a=fmtp:110 octet-align=1;mode-set=0,1,2
```

ఈ `mode-set=0,1,2` చూసి ‘ఎ’ వైపు ఒక అభ్యంతరం వచ్చింది. 0, 1, 2 అంటే 6.60, 8.85, 12.65 కిలోబిట్లు మాత్రమే. తమ నెట్‌వర్క్‌లో 23.85 ఇవ్వగలిగినప్పుడు 12.65కు ఎందుకు దిగాలి, ఇటు 23.85 ఉంచి సరిహద్దులో మారిస్తే మేలు కదా అని. మేలు కాదు. మార్చడమంటే గొంతును పూర్తిగా విప్పి మళ్లీ కుదించడం. రెండోసారి కుదింపులో మొదటిసారి వచ్చిన వక్రతలు కూడా గొంతులో భాగమనుకుని కోడ్ అవుతాయి. ఆలస్యమూ పెరుగుతుంది, ఎందుకంటే ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్‌కు ఒక ఫ్రేమ్ 20 మిల్లీసెకన్లతో పాటు ముందుచూపుకు ఇంకో 5 కావాలి. పైగా అవతలి అంచె ఎలాగూ 12.65 దగ్గరే ఆగుతుంది కాబట్టి ఇటువైపు అదనపు బిట్లు వృథా. ఒక చివర నుంచి మరో చివరకు విప్పకుండా వెళ్లే 12.65 కాల్, మధ్యలో విప్పి కట్టిన 23.85 కాల్ కన్నా బాగుంటుంది. పెద్ద అంకె ఎప్పుడూ ఆకర్షిస్తుంది, కానీ ఇక్కడ లెక్కించాల్సింది ఎన్నిసార్లు ట్రాన్స్‌కోడింగ్ జరిగిందన్నది.

విప్పకుండా వెళ్తోందని ఎలా నమ్మాలి? ‘ఎ’ లోపలి వైపు, ‘బి’ లోపలి వైపు పట్టిన ప్యాకెట్లలో ఒకే మాటకు చెందిన పేలోడ్‌లను పక్కపక్కన పెట్టి బైట్లు పోల్చాలి. రేటు కోరే అభ్యర్థన ఉండే మొదటి బైటు వదిలేస్తే మిగతా బైట్లన్నీ అచ్చంగా ఒకటే కావాలి. ట్రాన్స్‌కోడర్ ఉంటే రెండు పేలోడ్‌లు ఒకే సైజులో ఉన్నా బైట్లు ఎప్పటికీ కలవవు. ఇంతకన్నా నికార్సైన రుజువు లేదు. ఒకవైపు కుక్కిన పద్ధతి, మరోవైపు బైటు హద్దుల పద్ధతి ఉంటే నేరుగా పోల్చలేం, బిట్లను సరిపరుచుకుని చూడాలి. ఆ మార్పును కంట్రోలర్ గొంతు విప్పకుండా చేయగలదు కాబట్టి దానివల్ల నాణ్యతకు నష్టం లేదు.

ఇంతా అయ్యాక రద్దీ వేళల్లో మాత్రం మళ్లీ కొన్ని మందమైన కాల్స్ మిగిలాయి. అదే ‘ఎ’ ఫోను, అదే ‘బి’ ఫోను, పొద్దున బాగుంది, సాయంత్రం లేదు. ఆ కాల్స్ రికార్డుల్లో బయటికి వెళ్లిన ట్రంక్ గ్రూపు పేరు చూస్తే సంగతి బయటపడింది. ఐపీ లింకులో ఒకేసారి నడవగల కాల్స్‌కు పరిమితి ఉంది. అది నిండగానే మిగిలినవి ఇంకా తీసేయని పాత ఈ1 దారిలోకి పొర్లుతున్నాయి. ఆ దారిలో ఏ పాలసీ మార్చినా లాభం లేదు, అది జీ.711 దారే. పరిష్కారం పరిమితిని పెంచడం. నిజానికి ఇందుకు అదనపు బ్యాండ్‌విడ్త్ అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఆ పరిమితిని జీ.711 లెక్కన పెట్టారు. ఐపీవీ4లో దానికి హెడర్లతో కలిపి ఒక్కో దిశలో 80 కిలోబిట్లు పడుతుంది. ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ 12.65కు సుమారు 30, 23.85కు సుమారు 41 చాలు. హెచ్‌డీ కాల్ పాత కాల్ కన్నా తక్కువ చోటు తీసుకుంటుందంటే వినడానికి వింతగా ఉంటుంది, కానీ లెక్క అదే. అయితే జీ.711 కాల్స్ ఇంకా కొన్ని ఉంటాయి కాబట్టి మొత్తం హెచ్‌డీ అనుకుని పరిమితి పెట్టకూడదు.

ఇలాంటి ఫిర్యాదుల్లోనే వేరే కారణం గలది ఇంకొకటి కలిసి వస్తుంది. మొదట బాగుండి కాల్ మధ్యలో ఉన్నట్టుండి గొంతు మందమైతే, అది సరిహద్దు పాలసీ పని కాదు. ఒక ఫోను 4జీ పరిధి దాటి పాత నెట్‌వర్క్‌కు మారినట్టు. దాన్ని ఎస్‌ఆర్‌వీసీసీ అంటారు. 2జీకి దిగితే చాలాచోట్ల మామూలు ఏఎంఆరే గతి. రిలీజ్ 10తో వచ్చిన పద్ధతిలో ఈ మార్పు ఆ ఆపరేటర్ లోపలే ముగిసిపోతుంది, సరిహద్దులో కొత్త ఎస్‌డీపీ కనిపించకపోవచ్చు. కాగితం మీద ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్, చెవిలో ఇరుకు గొంతు. మార్పు ఏ క్షణంలో జరిగిందో స్పెక్ట్రోగ్రామ్‌లో చూసి, ఆ సమయానికి రేడియో వైపు లాగ్‌లో హ్యాండోవర్ ఉందేమో వెతకాలి.

ఇక మిగిలిన తేడా. ‘ఎ’ లోపలి కాల్స్ ఈవీఎస్‌తో 14 కిలోహెర్ట్జ్ దాకా, ‘బి’కి వెళ్లేవి 7 దాకా. శ్రద్ధగా వినేవారికి ఇదీ తెలుస్తుంది. ‘ఎస్’, ‘ఎఫ్’ అయోమయం పోయింది కానీ గొంతులోని గాలి, మెరుపు తక్కువ. దీన్ని సరిహద్దులో ఈవీఎస్ నుంచి ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్‌కు ట్రాన్స్‌కోడ్ చేసి తీర్చలేం, 7 పైన ఉన్నది అవతలికి చేరదు కాబట్టి. ‘బి’ ఫోన్లకు, ‘బి’ కోర్‌కు ఈవీఎస్ వచ్చే దాకా రెండు చివర్లా ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ కుదరడమే సరైనది. ‘ఎ’ కంట్రోలర్ తన ఫోనుతో ఈవీఎస్ కుదుర్చుకుని మధ్యలో మార్చే పని పెట్టుకోకూడదు. ఈవీఎస్‌ను సరిహద్దు జాబితాలో చేర్చే రోజున దాన్ని అన్నిటికన్నా ముందు పెట్టి, ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ రెండు రూపాలనూ దాని వెనక అలాగే ఉంచాలి. ఈవీఎస్‌లో ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ బిట్లనే పలికే ఐఓ మోడ్ ఒకటి ఉంది. అవతలి ఫోను కాల్ మధ్యలో 3జీకి మారితే ఇటువైపు ఈవీఎస్ ఫోను ఆ మోడ్‌కు మారి ట్రాన్స్‌కోడర్ లేకుండా కొనసాగగలదు. అందుకు సరిహద్దు కంట్రోలర్ ఈవీఎస్ `fmtp` వరుసను ఒక్క అక్షరం కూడా తీయకుండా దాటించాలి. అక్కడి `br`, `bw` విలువలను తీసేసే అలవాటున్న పాలసీలు ఉన్నాయి కాబట్టి, చేర్చిన రోజే రెండు వైపుల ఎస్‌డీపీనీ వరుస వరుసగా పోల్చి చూసుకోవాలి.